అమ్మ ఫోన్‌లో రోజూ ఒకే టైమ్‌కి మెసేజ్ కనిపించాలి: అలారం పెట్టాలా, క్యాలెండరా?

వెన్నెల23 · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా అమ్మకు 71 ఏళ్లు, ఒక్కతే ఉంటుంది. రెండు మందులున్నాయి. ఒకటి రోజూ పొద్దున 6 గంటలకు పరగడుపున వేసుకోవాలి. రెండోది రోజు విడిచి రోజు, రాత్రి 8:30కి. ఆండ్రాయిడ్ ఫోన్ వాడుతుంది, చదవడం బాగానే వచ్చు.

పోయిన నెల వెళ్లినప్పుడు రెండు టైమ్‌లకూ అలారం పెట్టి వచ్చాను. మోగుతోంది, ఆపేస్తోంది, కానీ ఎందుకు మోగిందో ఆమెకు తెలియడం లేదు. నిన్న ఫోన్ చేసి "రాత్రి ఏదో గంట కొట్టిందమ్మా, నువ్వు చేశావేమో అనుకున్నా" అంది. నాకు కావలసింది గంట ఒక్కటే కాదు, "ఫలానా మాత్ర వేసుకో" అని తెర మీద అక్షరాలు కనపడాలి. కొత్త యాప్ ఏదీ వేయను. వేస్తే అది అడిగే పర్మిషన్లు, ప్రకటనలు చూసి ఆమె కంగారు పడుతుంది. ఫోన్‌లో ముందే ఉన్నవాటితో అవుతుందా?

---

సైకిల్‌బాబాయ్ · సోమవారం, రాత్రి 9:40

అవుతుందమ్మా, చాలా తేలిక. మెసేజ్‌లు పంపే యాప్‌లో మాటలు టైప్ చేసి, పంపే బాణం గుర్తును కాసేపు నొక్కి పట్టుకో. టైమ్ అడుగుతుంది, పొద్దున 6 పెట్టు. ఇక రోజూ ఆ టైమ్‌కి మీ అమ్మకు మెసేజ్ వెళ్తుంది. మా అబ్బాయి పుట్టినరోజుకు నేను ముందురోజే ఇలా పెట్టి పడుకున్నాను, సరిగ్గా 12 గంటలకు వెళ్లింది.

---

గడియారంముల్లు · సోమవారం, రాత్రి 10:25

బాబాయ్ గారు చెప్పిన సదుపాయం నిజమే, పుట్టినరోజుకు బాగా పనికొస్తుంది. కానీ అది ఒక్కసారికే. గూగుల్ మెసేజెస్‌లో టైమ్ పెట్టి పంపితే ఆ ఒక్క మెసేజ్ వెళ్లి పని అయిపోతుంది, "రోజూ" అని చెప్పే చోటు అందులో లేదు. వెన్నెల గారు దాన్నే నమ్ముకుంటే రోజూ రాత్రి కూర్చుని మర్నాటి మెసేజ్ పెట్టుకోవాలి. పైగా మెసేజ్ వచ్చినప్పుడు "టింగ్" అని ఒక్క చప్పుడే. పొద్దున ఆరింటికి వంటగదిలో ఉన్న మనిషికి అది వినపడదు.

మీ ఇంట్లో జరిగింది అలారం తప్పు కాదండీ, దానికి పేరు పెట్టకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది. గడియారం యాప్‌లో ఆ 6 గంటల అలారాన్ని తెరవండి. కింద `Label` అని ఒక గడి ఉంటుంది. అక్కడ రాసిందే అలారం మోగేటప్పుడు తెర మీద కనపడుతుంది, ఫోన్ లాక్‌లో ఉన్నా సరే. "మందు" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఆమె చెయ్యాల్సిన పనినే రాయండి: "అమ్మా, చిన్న తెల్ల మాత్ర, నీళ్లతో." లాక్ తెర మీద పెద్ద వాక్యం పట్టక చివర తెగిపోవచ్చు, అందుకే ముఖ్యమైన మాట ముందు రావాలి.

తర్వాత వారాల అక్షరాలు ఏడూ నొక్కి వెలిగించండి. ఒక్కటీ వెలిగించకపోతే ఆ అలారం ఒకసారి మోగి ఆగిపోతుంది, మర్నాడు మోగదు. రెండు రోజులు బాగా మోగి మూడో రోజు మోగలేదని అడిగేవాళ్ల ఫోన్ చూస్తే చాలాసార్లు ఒకటో రెండో రోజులే వెలిగి ఉంటాయి.

పొద్దున మాత్రకు అలారమే సరైనది. ఎందుకంటే అలారం మోగడం మొదలుపెడితే ఎవరో ఒకరు వచ్చి ఆపేదాకా మోగుతుంది. ఎవరూ రాకపోతే, గూగుల్ గడియారంలో మనం సెట్టింగ్ మార్చనంతవరకు పది నిమిషాలు మోగి, తర్వాత తనే ఆగి "అలారం తప్పిపోయింది" అని నోటిఫికేషన్ వదిలిపెడుతుంది. ఫోన్ సైలెంట్‌లో ఉన్నా అలారం శబ్దం వేరే కాబట్టి వినపడుతుంది. ఆ వాల్యూమ్ కూడా ఒకసారి చూడండి, రింగ్‌టోన్‌కి ఉన్న మీట అలారానికి పని చేయదు.

---

వెన్నెల23 · మంగళవారం, ఉదయం 7:05

గడియారంముల్లు గారూ, చాలా థాంక్స్. ఇవాళ పొద్దున వీడియో కాల్‌లో అమ్మ చేతే లేబుల్ రాయించాను. తనే రాసుకుంది కాబట్టి గుర్తుంటుందని.

రాత్రి మాత్ర దగ్గర ఇరుక్కుపోయాను. రోజు విడిచి రోజు కదా, సోమ, బుధ, శుక్ర, ఆది వెలిగించాను. ఆదివారం అయ్యాక మళ్లీ సోమవారం మోగుతుందని ఇప్పుడు వెలిగింది. అంటే రెండు రోజులు వరసగా వేసుకుంటుంది! ఆదివారం తీసేస్తే శుక్రవారం తర్వాత మళ్లీ సోమవారమే. మధ్యలో రెండు రోజులు ఖాళీ. దీనికి దారి ఏంటి?

---

గడియారంముల్లు · మంగళవారం, మధ్యాహ్నం 1:30

మంచి చోట ఆగారు. అలారానికి తెలిసింది వారం ఒక్కటే. వారానికి రోజులు ఏడు, బేసి సంఖ్య. కాబట్టి "రోజు విడిచి రోజు" అనేది వారంలో ఎప్పటికీ ఇమడదు. ఒక వారం సోమ, బుధ, శుక్ర, ఆది వస్తే, తర్వాతి వారం మంగళ, గురు, శని రావాలి. రెండు వారాలకు సరైన లెక్క ఏడు మాత్రలు. మీరు మొదట పెట్టిన పద్ధతిలో ఎనిమిది పడతాయి, ఆదివారం తీసేస్తే ఆరే పడతాయి.

కొంతమంది దీన్ని తేదీలతో సరిచేస్తారు. బేసి తేదీల్లో వేసుకో అని. 31 రోజుల నెల వచ్చిందంటే అదీ తప్పుతుంది: 31న వేసుకుని, మర్నాడు 1వ తేదీ కూడా బేసే కాబట్టి మళ్లీ వేసుకుంటారు.

ఇక్కడ క్యాలెండర్ కావాలి. అది వారాన్ని కాకుండా రోజుల్ని లెక్కపెడుతుంది. అమ్మ ఫోన్‌లో గూగుల్ క్యాలెండర్ తెరిచి కొత్త ఈవెంట్ పెట్టండి. పేరు "ఈ రోజు రాత్రి మాత్ర ఉంది". మొదటి తేదీ ఆమె నిజంగా మాత్ర వేసుకునే రోజే కావాలి, మీరు కూర్చుని పెడుతున్న రోజు కాదు. టైమ్ 8:30. తర్వాత `Does not repeat` అన్న చోట నొక్కి `Custom` ఎంచుకుంటే ఎన్ని రోజులకోసారి అని అడుగుతుంది. అక్కడ 2 పెట్టండి. 29న మొదలైతే 31, తర్వాత 2, తర్వాత 4. నెల మారినా లెక్క తప్పదు.

చివరగా నోటిఫికేషన్. ముందే ఉండేది సాధారణంగా "30 నిమిషాల ముందు". దాన్ని తీసేసి ఈవెంట్ టైమ్‌కే వచ్చేలా పెట్టండి. లేకపోతే 8 గంటలకే చప్పుడవుతుంది, "ఇంకా అరగంట ఉందిగా" అని ఆమె ఫోన్ పక్కన పెడుతుంది, అంతే.

డాక్టర్ ఇన్ని రోజులే అని చెప్పి ఉంటే, అదే `Custom` తెరలో ఎప్పుడు ఆగాలో కూడా చెప్పొచ్చు. ఒక తేదీ ఇవ్వొచ్చు, లేదా ఇన్నిసార్లు అని ఇవ్వొచ్చు. అలారానికి ఆ తెలివి లేదు, ఎవరో ఒకరు తీసేసేదాకా రోజూ మోగుతూనే ఉంటుంది.

---

అరుణకిరణం · మంగళవారం, సాయంత్రం 4:18

నాకూ ఇదే సమస్య అండీ. మా అమ్మాయి హాస్టల్‌లో ఉంటుంది. రోజూ పొద్దున 7కి దానికి వాట్సాప్‌లో "లేచావా?" అని దానంతట అదే వెళ్లిపోవాలి. నేను అప్పటికి డ్యూటీలో ఉంటాను, ఒక్కోసారి మర్చిపోతాను. క్యాలెండర్‌లో దాని నంబర్ ఎక్కడ ఇవ్వాలి?

---

తెల్లకాగితం · మంగళవారం, సాయంత్రం 6:02

అరుణ గారూ, వెన్నెల గారు అడిగింది ఫోన్ దగ్గర ఉన్న మనిషికి గుర్తుచేయడం గురించి. మీకు కావలసింది ఇంకొకరికి మెసేజ్ పంపడం. అలారం గానీ క్యాలెండర్ గానీ తమంతట తాము వాట్సాప్ మెసేజ్ పంపవు. నంబర్ ఇచ్చే గడి మీకు కనపడకపోవడానికి కారణం అదే.

కానీ సగం పని క్యాలెండర్ చేత చేయించుకోవచ్చు. నేను రోజూ వాడే పద్ధతి ఇది. రోజూ 7 గంటలకు తిరిగి వచ్చే ఈవెంట్ పెట్టి, దాని వివరాల గడిలో ఈ లింక్ రాసుకున్నాను:

```
https://wa.me/<number>?text=Lechava%20amma
```

`<number>` ఉన్న చోట దేశం కోడ్‌తో కలిపి పూర్తి నంబర్ వస్తుంది. ప్లస్ గుర్తు, ముందు సున్నాలు, మధ్యలో ఖాళీలు ఉండకూడదు. మాటల మధ్య ఖాళీ కావాలంటే `%20` రాయాలి, మామూలు ఖాళీ వదిలితే లింక్ అక్కడే తెగిపోతుంది, అమ్మాయికి "Lechava" వరకే వెళ్తుంది.

7కి నోటిఫికేషన్ వస్తుంది, దాన్ని నొక్కితే ఈవెంట్, ఈవెంట్‌లో లింక్ నొక్కితే వాట్సాప్‌లో మీ అమ్మాయి పేరు మీద మెసేజ్ రాసి సిద్ధంగా ఉంటుంది. పంపే గుర్తు మీరే నొక్కాలి. ఒక్కరికే పని చేస్తుంది, ఇలా నంబరుతో రాసిన లింక్ గ్రూప్‌కి పోదు.

---

అరుణకిరణం · మంగళవారం, సాయంత్రం 6:30

అయ్యో, చివర్లో నేనే నొక్కాలా. నొక్కే తీరిక ఉంటే నేనే టైప్ చేసేదాన్నిగా. మా ఆయనది ఐఫోన్, దాన్లో అయినా అవుతుందా?

---

తెల్లకాగితం · మంగళవారం, రాత్రి 8:11

ఐఫోన్‌లో అవుతుంది, అయితే అది క్యాలెండర్ పని కాదు. షార్ట్‌కట్స్ అనే యాప్ ఫోన్‌తోనే వస్తుంది. దాన్లో `Automation` భాగంలో `Time of Day` ఎంచుకుని, 7:00, రోజూ అని పెట్టి, `Run Immediately` ఎంచుకోండి. తర్వాత మెసేజ్ పంపే పనిని జతచేసి నంబర్, మాటలు ఇవ్వండి. `Run Immediately` బదులు ముందు అడిగే పద్ధతి ఎంచుకుంటే మళ్లీ మీరు నొక్కాల్సిందే. ఇలా వెళ్లేది ఫోన్‌లోని మెసేజెస్ నుంచి, వాట్సాప్ నుంచి కాదు. అమ్మాయి ఆ మెసేజ్‌లు చూసే అలవాటు ఉంటే చాలు.

నా మట్టుకు నాకు ఒక్క మాట చెప్పాలనిపిస్తోంది. రోజూ అదే టైమ్‌కి అవే అక్షరాలు వస్తుంటే వారం తిరక్కుండానే మీ అమ్మాయికి అర్థమవుతుంది. దానికి జవాబు రాయాలని ఆమెకు అనిపిస్తుందా అన్నది మీరు ఆలోచించుకోండి.

---

వెన్నెల23 · బుధవారం, రాత్రి 9:20

నేను ఒక తప్పు చేసినట్టున్నాను. అమ్మ ఫోన్ నా చేతిలో లేదు కదా అని, నా ఫోన్‌లోనే ఈవెంట్ పెట్టి, అమ్మ ఈమెయిల్‌ను అతిథిగా చేర్చాను. రెండు రోజులకోసారి, 8:30, నోటిఫికేషన్ సరిగ్గా ఆ టైమ్‌కే. నా ఫోన్ 8:30కే మోగింది. అమ్మ ఫోన్ మాత్రం 8 గంటలకే మోగిందట! ఆమె 8 గంటలకే మాత్ర వేసేసుకుంది. ఏం ప్రమాదం లేదు, కానీ ఎందుకిలా?

---

గడియారంముల్లు · బుధవారం, రాత్రి 10:04

ఈవెంట్ ఇద్దరిదీ, నోటిఫికేషన్ ఎవరిది వారిదే. మీరు పెట్టిన "ఆ టైమ్‌కే" అన్నది మీ ఫోన్‌కి వర్తిస్తుంది. అమ్మకు ఆహ్వానంగా వెళ్లిన ఈవెంట్, అమ్మ క్యాలెండర్‌లో ముందే ఉన్న అలవాటును పాటిస్తుంది, అదే ఆ 30 నిమిషాలు. దూరం నుంచి మీరు దాన్ని మార్చలేరు.

వీడియో కాల్‌లో అమ్మను క్యాలెండర్ సెట్టింగ్స్‌లోకి తీసుకెళ్లండి. ఆమె ఈమెయిల్ కింద `Events` నొక్కితే ముందే ఉన్న నోటిఫికేషన్ కనపడుతుంది. దాన్ని ఒక్కసారి ఈవెంట్ టైమ్‌కి మార్చిపెడితే, ఇకపై మీరు పంపేవాటికీ అదే వర్తిస్తుంది. ఆమెకు వేరే ఈవెంట్లు ఏమీ లేవు కాబట్టి ఇబ్బంది రాదు.

అతిథిగా చేర్చడంలో ఒక లాభం ఉంది: డాక్టర్ మార్పు చెబితే ఇక్కడి నుంచే మార్చొచ్చు. మార్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఫోన్ మూడు రకాలుగా అడుగుతుంది. ఒక రోజు మాత్ర తప్పి, మర్నాడు వేసుకోమని డాక్టర్ చెప్పారనుకోండి. `This event` నొక్కి ఆ ఒక్కదాన్నే జరిపితే, పాత వరస అలాగే ఉంటుంది, మర్నాడు వేసుకున్నాక ఆ మర్నాడే మళ్లీ మోగుతుంది. వరస మొత్తం ఒక రోజు జరగాలంటే `This and following events`. తప్పిన మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మాత్రం డాక్టరునే అడగండి, మందును బట్టి మారుతుంది.

---

నైట్‌డ్యూటీ · గురువారం, తెల్లవారుజాము 4:48

నేను రాత్రి షిఫ్ట్‌లో పనిచేస్తాను. క్యాలెండర్‌ను నమ్ముకుని దెబ్బతిన్నాను కాబట్టి చెబుతున్నాను. రోజూ తెల్లవారి 3 గంటలకు చేయాల్సిన పని ఒకటి క్యాలెండర్‌లో పెట్టుకున్నాను. మొదటి వారం బాగానే వచ్చింది. తర్వాత ఒక్కోరోజు 3:20కి, ఒకసారి 3:50కి వచ్చింది. విచిత్రం ఏంటంటే, నేను టైమ్ చూసుకుందామని ఫోన్ తీసి తెర వెలిగించగానే, అప్పటిదాకా ఎదురు చూస్తున్నట్టు అప్పుడే టింగ్‌మంటుంది. అలారం మాత్రం ఒక్కరోజూ ఆలస్యం కాలేదు.

---

గడియారంముల్లు · గురువారం, ఉదయం 8:15

మీరు చెప్పిన ఆ లక్షణమే అసలు విషయం చెబుతోంది. తెర వెలిగించిన క్షణంలో పాత నోటిఫికేషన్ వస్తే, ఆ యాప్‌ను ఫోన్ నిద్రపుచ్చిందని అర్థం. ఆండ్రాయిడ్ 6 నుంచి ఫోన్ కదలకుండా, చార్జింగ్ లేకుండా, తెర ఆరిపోయి ఉంటే లోపలి పనుల్ని వాయిదా వేస్తుంది, బ్యాటరీ కోసం. గడియారం అలారం ఆ వాయిదాలో పడదు. మోగే టైమ్ దగ్గరపడగానే ఫోన్ తనే నిద్రలోంచి బయటికి వస్తుంది. క్యాలెండర్ యాప్‌కు కూడా కచ్చితమైన టైమ్ అడిగే హక్కు ఉంది. కానీ కొన్ని కంపెనీల ఫోన్లు వాటి సొంత బ్యాటరీ ఆదాను దాని మీద ఇంకో పొరగా వేస్తాయి. ఆ పొర యాప్‌నే ఆపేస్తే హక్కు ఉన్నా ఉపయోగం లేదు.

క్యాలెండర్ యాప్ గుర్తును నొక్కి పట్టుకుని యాప్ సమాచారం తెరవండి, `Battery` లోకి వెళ్లి `Unrestricted` పెట్టండి. అక్కడే నోటిఫికేషన్లు ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్త యాప్ నోటిఫికేషన్ చూపించాలంటే మన అనుమతి కావాలి, మొదట్లో వద్దని నొక్కి మర్చిపోయినవాళ్లు ఉంటారు. డూ నాట్ డిస్టర్బ్ రాత్రి దానంతట అదే ఆన్ అవుతుందేమో కూడా చూడండి. అలారాలకు సాధారణంగా దాన్లో మినహాయింపు ఉంటుంది, క్యాలెండర్‌కు ఉండదు.

వెన్నెల గారూ, ఇది మీకూ వర్తిస్తుంది. పరీక్షించడానికి చాలామంది ఐదు నిమిషాల తర్వాతకి ఈవెంట్ పెట్టి, ఫోన్ చేతిలోనే పట్టుకుని చూస్తారు. అప్పుడు ఏ ఫోన్ అయినా సరిగ్గానే మోగుతుంది, ఎందుకంటే అది ఇంకా మెలకువగానే ఉంది. రాత్రి ఫోన్ బల్ల మీద పెట్టి, చార్జర్ తీసేసి, పొద్దున్నే 5 గంటలకు ఒక ఈవెంట్ పెట్టి చూడండి. అది 5కే వస్తే అప్పుడు నమ్మొచ్చు.

---

పలకబలపం · గురువారం, ఉదయం 11:37

అక్షరాల గురించే మాట్లాడుతున్నారు, నా అనుభవం ఒకటి చెబుతాను. మా నాన్నకు కళ్లజోడు లేకపోతే లేబుల్ కనపడదు. అలారం మోగినప్పుడు జోడు ఎక్కడుందో వెతుక్కుంటూ ముందు గంట ఆపేసేవారు, ఆపాక అక్షరాలు పోయేవి.

నేను రికార్డర్‌లో నా గొంతుతో "నాన్నా, భోజనానికి ముందు వేసుకునే మాత్ర. నీలం డబ్బాలో ఉంది" అని మూడుసార్లు నెమ్మదిగా చెప్పి రికార్డు చేశాను. అలారం తెరిచి శబ్దం ఉన్న చోట నొక్కి, కొత్తది చేర్చే గుర్తుతో ఆ ఫైలును ఎంచుకున్నాను. ఇప్పుడు గంట బదులు నా గొంతే వినపడుతుంది, ఆపేదాకా చెబుతూనే ఉంటుంది. మొదటి రెండు సెకన్లు ఖాళీగా వదలకండి, నెమ్మదిగా మొదలుపెట్టకండి. నిద్రలో ఉన్న మనిషికి మొదటి మాటే గట్టిగా వినపడాలి.

ఒకసారి మా తమ్ముడు ఫోన్‌లో చోటు లేదని రికార్డింగ్‌లు తుడిచేశాడు. ఆ రోజు అలారం మోగింది కానీ మామూలు గంటతో. నాన్న "ఇవాళ నువ్వు పిలవలేదేం?" అని ఫోన్ చేశారు. అప్పటినుంచి ఆ ఫైలును ఇంకో చోట కూడా దాచిపెట్టుకున్నాను.

---

వెన్నెల23 · గురువారం, మధ్యాహ్నం 2:10

పలకబలపం గారూ, ఇది చదివి కళ్లు చెమర్చాయండి. ఈ శనివారం రికార్డు చేస్తాను.

గడియారంముల్లు గారూ, ఒక సందేహం. రాత్రి మాత్రకు క్యాలెండర్ "టింగ్" అమ్మకు వినపడటం లేదు, టీవీ చూస్తూ ఉంటుంది. అలారమేమో రోజు విడిచి రోజు మోగదు. రెండూ కలిపే దారి ఉందా?

---

గడియారంముల్లు · గురువారం, రాత్రి 9:50

ఉంది. పనిని రెండుగా విడదీయండి. పిలిచే పని అలారానిది, ఏం చెయ్యాలో చెప్పే పని క్యాలెండర్‌ది.

అలారం రోజూ రాత్రి 8:30కి, లేబుల్ "క్యాలెండర్ చూడమ్మా". క్యాలెండర్‌లో ఇప్పుడున్న ఈవెంట్‌ను 8:25కి జరపండి, అలారం మోగేసరికి నోటిఫికేషన్ తెర మీద సిద్ధంగా ఉంటుంది.

ఇక్కడితో ఆపితే ఒక చిక్కు మిగులుతుంది. మాత్ర లేని రోజు తెర మీద ఏమీ ఉండదు. మాత్ర ఉన్న రోజు నోటిఫికేషన్ ఆలస్యమైనా, ఆమె చేయి తగిలి పక్కకు పోయినా, అప్పుడూ ఏమీ ఉండదు. రెండూ ఆమెకు ఒకేలా కనపడతాయి. అందుకని రెండో ఈవెంట్ ఒకటి పెట్టండి. మొదటిదానికి మర్నాడు మొదలై, అదీ రెండు రోజులకోసారి, 8:25కే: "ఈ రోజు రాత్రి మాత్ర లేదు". ఇప్పుడు ప్రతి రాత్రీ ఏదో ఒక మాట కచ్చితంగా ఉంటుంది. అసలు ఏదీ లేకపోతే ఏదో తేడా వచ్చిందని ఆమెకే తెలుస్తుంది, మీకు ఫోన్ చేస్తుంది.

వరసను జరపాల్సి వస్తే రెండు ఈవెంట్లనూ జరపాలి. ఒకటే జరిపితే ఒకే రాత్రి "ఉంది", "లేదు" రెండూ వస్తాయి.

---

సైకిల్‌బాబాయ్ · శుక్రవారం, ఉదయం 6:55

నాకు ఇంత తిరుగుడు ఎందుకో అర్థం కావడం లేదమ్మా. రోజూ రాత్రి 8:30కి నువ్వే ఫోన్ చేసి "వేసుకో" అనో "ఇవాళ వద్దు" అనో చెప్పొచ్చుగా? ముసలివాళ్లకు మనిషి గొంతు వినపడటమే కావాలి.

---

వెన్నెల23 · శుక్రవారం, ఉదయం 7:20

బాబాయ్ గారూ, మీరన్నది నిజమే, రోజూ ఫోన్ చేస్తాను కూడా. కానీ ఫోన్ చేసిన ప్రతిసారీ మాత్ర గురించే అడుగుతుంటే అమ్మ విసుక్కుంటోంది. "నాతో మాట్లాడటానికి చేశావా, లెక్క తీసుకోవడానికి చేశావా?" అని అడిగింది. ఆ లెక్క ఫోన్ చూసుకుంటే మేమిద్దరం వేరే మాటలు మాట్లాడుకోవచ్చు.

---

దూరప్రయాణం · శుక్రవారం, మధ్యాహ్నం 12:44

ఒక మాట చేర్చనివ్వండి. మీ అమ్మగారు ఎప్పుడైనా వేరే దేశానికి వెళ్తే గుర్తుంచుకోండి. అలారం ఫోన్ గడియారాన్ని బట్టి పోతుంది: ఎక్కడికి వెళ్లినా అక్కడి 6 గంటలకే మోగుతుంది. క్యాలెండర్ ఈవెంట్ తను పుట్టిన చోటి టైమ్‌ను పట్టుకుని ఉంటుంది. నేను ఐదున్నర గంటలు వెనక ఉన్న చోటికి వెళ్లినప్పుడు రాత్రి 8:30 ఈవెంట్ మధ్యాహ్నం 3 గంటలకు వచ్చింది.

మందుల విషయంలో నాకు క్యాలెండర్ పద్ధతే సరైనదనిపిస్తుంది. మాత్రకూ మాత్రకూ మధ్య ఎడం మారకుండా ఉంటుంది కదా.

---

గడియారంముల్లు · శుక్రవారం, రాత్రి 8:33

గడియారం విషయం మీరు చెప్పింది సరిగ్గా ఉంది. ఏది మంచిదన్న దగ్గర నేను ఒప్పుకోలేను. పొద్దున 6కి పరగడుపున వేసుకునే మాత్రకు అక్కడ అర్ధరాత్రి 12:30కి మోగితే ఏం లాభం? నిద్రకూ భోజనానికీ ముడిపడిన మందు అక్కడి రోజుతోనే నడవాలి. కచ్చితమైన ఎడం కావాల్సిన మందు వేరు. ఫోన్‌లో టైమ్ మార్చే ముందు డాక్టరును అడగాల్సిన ప్రశ్న అది.

---

దూరప్రయాణం · శుక్రవారం, రాత్రి 9:01

పరగడుపు మాత్రకు ఒప్పుకుంటాను. రాత్రి మాత్రకు నా మాట మీదే ఉన్నాను.

---

తెల్లకాగితం · శనివారం, ఉదయం 10:26

ఆపేసి మర్చిపోయేవాళ్ల కోసం ఇంకొకటి. క్యాలెండర్‌లోనే ఈవెంట్ బదులు `Task` అని పెట్టొచ్చు, అదీ రోజూ తిరిగి వస్తుంది. ఈవెంట్ టైమ్ దాటిపోతే దాని పని అయిపోయినట్టే. టాస్క్ మాత్రం "అయింది" అని గుర్తు పెట్టేదాకా చేయని పనుల్లోనే కనపడుతుంది. నా మందులకు నేను అదే వాడుతున్నాను. సాయంత్రం చూస్తే పొద్దుటిది వేసుకున్నానో లేదో తెలుస్తుంది. అయితే దానికి అతిథిని చేర్చడం కుదరదు, వెన్నెల గారు దూరం నుంచి మార్చలేరు. ఐఫోన్ వాళ్లకు రిమైండర్స్‌లో ఇలాంటిదే ఉంది.

---

వెన్నెల23 · సోమవారం, ఉదయం 8:40

మొన్న శనివారం అమ్మ దగ్గరకే వెళ్లి అన్నీ దగ్గర కూర్చుని పెట్టాను. పొద్దున 6 అలారానికి నా గొంతు. రాత్రి 8:30 అలారానికి మామూలు గంటే ఉంచాను, రెండూ వేరుగా వినపడాలని. క్యాలెండర్‌లో "ఉంది", "లేదు" రెండూ పెట్టాను, ముందే ఉన్న నోటిఫికేషన్ మార్చాను, బ్యాటరీ `Unrestricted` చేశాను. గడియారంముల్లు గారు చెప్పినట్టు రాత్రంతా ఫోన్ బల్ల మీద వదిలేసి పొద్దున 5కి ఒక ఈవెంట్ పెట్టాను. 5 గంటలకే వచ్చింది. నేను మెలకువగా ఉండి చూశాను.

రాత్రి 8:25కి "ఈ రోజు రాత్రి మాత్ర లేదు" వచ్చింది. అమ్మ చదివి, "లేదని కూడా చెబుతోందే!" అంది. 8:30కి అలారం మోగితే తనే ఆపి డబ్బా మూత పెట్టేసింది.

---

నైట్‌డ్యూటీ · సోమవారం, ఉదయం 9:15

వెన్నెల గారూ, సంతోషం. నా సంగతి: `Unrestricted` పెట్టాక మూడు రాత్రులు సరిగ్గా 3కే వచ్చింది, నాలుగో రాత్రి 3:12కి వచ్చింది. డూ నాట్ డిస్టర్బ్ ఆఫ్‌లోనే ఉంది. ప్రస్తుతానికి అలారానికి మారిపోయాను. ఇదే తేడా వచ్చి, అలారం వాడకుండానే సరిచేసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఏ సెట్టింగ్ మార్చారో చెప్పండి.